ఎలా పోయిందో రాయాల్సిన గడి

రెండు రోజులుగా వెంకటరావమ్మ ఇల్లు తిరగేస్తోంది. రేకుపెట్టె బోర్లించింది. పరుపు కింద చూసింది. అటక మీది పాత విత్తనాల సంచులు దించి, దుమ్ముకి తుమ్ముతూ ఒక్కోటీ దులిపింది. రేషన్‌కార్డు దొరికింది, ఎప్పుడో చచ్చిపోయిన గేదె తాలూకు బీమా కాగితం దొరికింది, పెళ్లిలో ఎవరో చదివించిన వెండి కుంకుమభరిణె కూడా దొరికింది. పదో తరగతి సర్టిఫికెట్ మాత్రం దొరకలేదు.

ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేసే కొండమ్మ దిగిపోయింది. ఆ ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచారు. పదో తరగతి పాసై ఉండాలి, పెళ్లయి ఈ ఊళ్లోనే కాపురం ఉండాలి, ముప్పై అయిదేళ్లు దాటకూడదు. వెంకటరావమ్మకి ఆగస్టుకి ముప్పై అయిదు నిండుతాయి. తొంభై ఒకటిలో వినుకొండ అవతల పుట్టినూళ్లో పదో తరగతి పాసై, ఆ వేసవిలోనే పెళ్లయి ఇటు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మిరప కోతలు, పత్తి తీతలు. పద్దెనిమిదేళ్లకి ఆ చదువుతో పని పడింది. దరఖాస్తుకి శుక్రవారం ఆఖరు.

"కొత్తింట్లోకి మారినప్పుడే పోయుంటుందే. నాదే బుద్ధితక్కువ. అంత విలువైన కాగితాన్ని విడిగా దాచుకోవద్దూ!" అని తలకొట్టుకుంది వెంకటరావమ్మ.

భవ్య పొయ్యి దగ్గర కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

ఆ కాగితం ఎక్కడికి పోయిందో ఈ లోకంలో ఒక్క భవ్యకే తెలుసు. అదీ పది రోజుల కిందటే తెలిసింది. తను పదో తరగతి పాసయినందుకు బడిలో మార్కుల కాగితం చేతికిస్తే, పైనున్న ప్రభుత్వ ముద్ర దగ్గర చూపు ఆగిపోయింది. అలాంటి ముద్ర ఉన్న కాగితం తను ఇంతకు ముందు చూసింది. నాలుగో తరగతిలో, ఆంధ్రప్రదేశ్ మ్యాపు మందపాటి కాగితం మీద గీసి, అంచు వెంట కత్తిరించి తీసుకురమ్మన్నారు పంతులుగారు. అమ్మేమో మిరపకాయల కోతకి పోయింది. ఇంట్లో ఉన్నవన్నీ పల్చటి కాగితాలు. రేకుపెట్టె అడుగున ఒకటి దొరికింది. దళసరిగా, పొడుగ్గా ఉంది. ఒక వైపు ఏవో ఇంగ్లీషు అక్షరాలున్నా, వెనక తెల్లగా ఉంది. భవ్య దాని మీదే ఇరవై మూడు జిల్లాలు గీసింది, రంగులేసింది, కత్తిరించింది. మిగిలిన ముక్కలు పొయ్యిలో వేసింది. పంతులుగారు ఆ మ్యాపుకి వెనక మైదాపిండి రాసి గోడకి అంటించారు. పంద్రాగస్టుకి బడికొచ్చిన వెంకటరావమ్మ దాని ముందు నిలబడి, పక్కనున్న అమ్మలక్కలందరికీ వినపడేట్టు "మా భవ్య వేసిందే!" అని మురిసిపోయింది. మరుసటేడు బడికి సున్నం వేయించారు. గోడ గీకించారు.

అమ్మ అంత మురిసిపోయి చూసిన ఆ మ్యాపు వెనక ఉన్నది అమ్మ సర్టిఫికెట్టేనని ఎలా చెప్పడం? చెబుదామని పది రోజుల్లో పది సార్లు నోరు తెరిచింది. తెరిచిన ప్రతిసారీ "అన్నం పెట్టనా?" అనో, "గేదెకి నీళ్లు పెట్టనా?" అనో మాట మార్చేసింది.

తండ్రి అంకమ్మరావు అంగన్‌వాడీల ప్రాజెక్టు ఆఫీసుకి వెళ్లి కనుక్కొచ్చాడు. ఆయనకి ఈ ఉద్యోగం మీద వెంకటరావమ్మకంటే ఆశ ఎక్కువ.

"సర్టిఫికెట్ పోతే ఇంకోటి తెప్పించుకోవచ్చంట. దానికి నెలలు పడుద్ది. ఈలోపు పోలీసు రిపోర్టు కాపీ, నువ్వు చదివిన బడి రిజిస్టర్లో నీ పేరున్నట్టు హెడ్మాస్టరు సంతకం, ఈ రెండూ జతచేసి ఇస్తే దరఖాస్తు తీసుకుంటానన్నాడు గుమాస్తా. అసలు కాగితం ఇంటర్వ్యూనాటికి చూపించాల."

"పోలీసుల దగ్గరికా?" వెంకటరావమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను స్టేషను మెట్లెక్కను బాబూ!"

"ఇప్పుడంతా కంప్యూటర్లో రాయటమేనంట. ఆ తర్వాత కాగితం పట్టుకుపోతే స్టేషన్లో ముద్రేస్తారంతే. నువ్వేమన్నా దొంగతనం చేశావా? భవ్యని తీసుకుపో. టెన్త్ చదివిందిగా!"

మంగళవారం పొద్దున తల్లీకూతుళ్లు మండలంలో లక్ష్మీకాంత్ నెట్ సెంటరుకి వెళ్లారు. కాలేజీ దరఖాస్తుల రోజులు. మూడు కంప్యూటర్లుంటే ముప్పై మంది ఉన్నారు. లక్ష్మీకాంత్ పోలీసు శాఖ వాళ్ల పేజీ తెరిచి, భవ్యని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నువ్వే కొట్టు పాపా. నాకు ఊపిరాడట్లేదు. ఒక్క మాట గుర్తుపెట్టుకో. కింద సబ్మిట్ అన్నది ఒకసారి నొక్కితే అంతే సంగతులు. మళ్లీ దిద్దటానికి ఉండదు. తప్పు పడితే కొత్తది పెట్టుకోవాల్సిందే. నింపాక నన్ను పిలువు, చూస్తా."

భవ్య ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టింది. ఫిర్యాదు చేసేవారి పేరు: కంచేటి వెంకటరావమ్మ. తండ్రి లేదా భర్త పేరు: కంచేటి అంకమ్మరావు. బళ్లో ఏ కాగితం మీదైనా తల్లి పేరు అలాగే రాస్తుంది మరి. ఊరు, మండలం, నాన్న సెల్ నంబరు రాసింది. ఈమెయిల్ అడిగితే లక్ష్మీకాంత్ తన సెంటరుది చెప్పాడు. పోయిన వస్తువు: సర్టిఫికెట్. ఎక్కడ పోయింది: ఇంట్లో.

ఆ తర్వాతి గడి దగ్గర వేలు ఆగిపోయింది. ఎలా పోయింది?

"ఇల్లు మారేటప్పుడని రాయవే," అంది వెనక నిలబడ్డ వెంకటరావమ్మ. కూతురు ఇంగ్లీషులో కొడుతుంటే ఆమెకి ఎంతో గొప్పగా ఉంది.

భవ్యకి ఆ గడి ఎంత తొందరగా దాటేస్తే అంత మంచిదనిపించింది. ఇల్లు మారేటప్పుడు, అని కొట్టేసింది. వస్తువు గుర్తులు వివరంగా రాయమన్న పెద్ద గడిలో 'పదో తరగతి సర్టిఫికెట్' అని మూడే మూడు మాటలు రాసింది. పైన రాసినదంతా నాకు తెలిసినంతవరకు నిజం, అబద్ధమైతే శిక్షకి అర్హురాలిని అన్న చోట టిక్కు పెట్టింది. లక్ష్మీకాంత్‌ని పిలవలేదు. సబ్మిట్ నొక్కింది.

తెర మీద ఒక నంబరు వచ్చింది. ప్రింటు చేతికొచ్చింది. వెంకటరావమ్మ దాన్ని తిరగేసి మరగేసి చూసుకుని, మడత పడకుండా పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టుకుంది.

"స్టేషనుకి పోదామా అమ్మా?"

"తిరిగొచ్చేటప్పుడు చూద్దాంలే. ముందు రేపు బడికి పోయొద్దాం. అక్కడ పనయితే సగం అయినట్టే." స్టేషను మెట్లని ఎంత దూరం జరిపితే అంత మేలని ఆమె లెక్క.

బుధవారం రెండు బస్సులు మారి పుట్టినూరు చేరేసరికి పన్నెండు దాటింది. హెడ్మాస్టరు లక్ష్మీనరసింహంగారు కళ్లజోడు పైకి తోసి, ప్రింటు చదివి, వెంకటరావమ్మ ముఖంలోకి చూశారు.

"ఈ కంచేటి వెంకటరావమ్మ మా బడిలో ఎప్పుడూ చదవలేదమ్మా."

వెంకటరావమ్మ నవ్వింది. "నేనేనండీ. వెంకయ్యగారి రెండో అమ్మాయిని. మా నాన్న మీకు తెలియకపోవటమేంటండీ!"

"నువ్వేనని నాకు తెలుసమ్మా. కాగితానికి తెలియాలిగా." ఆయన అటెండరు చేత పాత రిజిస్టరు తెప్పించారు. అంచులు చిరిగి, ఎలకలు కొరికి ఉంది. పేజీలు తిప్పి ఒక వరస మీద వేలు పెట్టారు. "ఇదిగో. పోట్ల వెంకటరావమ్మ, తండ్రి పోట్ల వెంకయ్య. సర్టిఫికెట్ మీద ఉండేది ఈ పేరు. రిపోర్టులో పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరు మాత్రం వేసి ఊరుకున్నారు. ఏ సంవత్సరం పాసయిందో లేదు, హాల్ టికెట్ నంబరు లేదు, బడి పేరు లేదు. పదో తరగతి సర్టిఫికెట్ అంటే ఎవరిదమ్మా? రాష్ట్రంలో ఏటా లక్షల మంది పాసవుతారు. స్టేషను ముద్ర కూడా లేదే! దీన్ని పట్టుకుని నేను సంతకం పెడితే పైవాళ్లు నా చెవి మెలేస్తారు."

వెంకటరావమ్మ ఆయన మాటలు సగమే వింది. రిజిస్టర్లో తన పేరున్న వరసనే చూస్తోంది. చూపుడువేలు మెల్లగా చాచి, పోట్ల అన్న మాటని తాకింది.

"రెండో ఫారం తప్పుల్లేకుండా పెట్టించండి," అని హెడ్మాస్టరుగారు ఒక చీటీ మీద హాల్ టికెట్ నంబరు, నెల, సంవత్సరం, బడి పేరు రాసిచ్చారు. "ముద్రతో తెస్తే క్షణంలో సంతకం చేసిస్తా. తర్వాత డూప్లికేట్‌కి కూడా నోటరీ అఫిడవిట్టు, చలానా, ఈ రిపోర్టు కాపీ పెట్టి నా ద్వారానే పంపాలి. కాబట్టి నాలుగు కాపీలు తీయించి దగ్గర పెట్టుకోండి."

తిరుగు బస్సులో వెంకటరావమ్మ చీటీని గుప్పిట్లోనే పట్టుకుంది. కూతుర్ని ఒక్క మాటా అనలేదు. పైగా, "నాకన్నా తోచొద్దూ? పద్దెనిమిదేళ్లు కంచేటి అనిపించుకుని పోట్ల మర్చేపోయా," అని తనే నొచ్చుకుంది. కిటికీ అవతల చినుకులు పడుతున్నాయి. చేలల్లో పత్తిగింజలు నాటుతున్నారు. అమ్మ తిట్టి ఉంటే బాగుండేదనుకుంది భవ్య. ఆ తిట్టు వెనకాలే చెప్పేసేది.

గురువారం మళ్లీ లక్ష్మీకాంత్ సెంటరు. "ఏం పాపా, అచ్చొచ్చిందా ఏంటి మా కుర్చీ?" అన్నాడతను. "మొన్న నన్ను పిలవమన్నానా? పిలిచావా? నెమ్మదిగా కొట్టు ఈసారి."

ఈసారి భవ్య నెమ్మదిగానే కొట్టింది. వెంకటరావమ్మ, పెళ్లికి ముందు ఇంటిపేరు పోట్ల. సర్టిఫికెట్ మీది పేరు పోట్ల వెంకటరావమ్మ, తండ్రి పోట్ల వెంకయ్య. హాల్ టికెట్ నంబరు చీటీ చూసి మూడు సార్లు సరిపోల్చుకుంది. ఏప్రిల్ 1991. బడి పేరు. ముందు పెట్టిన రిపోర్టులో వివరాలు లేనందున ఇది మళ్లీ పెడుతున్నామని రాసి, దాని నంబరు కూడా వేసింది.

తర్వాత ఆ గడి వచ్చింది. ఎలా పోయింది?

వెంకటరావమ్మ పక్కన ఎవరితోనో మాట్లాడుతోంది. "మా అమ్మాయే అంతా చేస్తోందండీ. నాకేం తెలుసు!" అంటోంది.

భవ్య గడిలో ఇల్లు మారేటప్పుడు అని సగం కొట్టింది. చెరిపేసింది. గోడ మీది మ్యాపు కళ్లలో మెదిలింది. నోటితో పది రోజులు చెప్పలేకపోయిన మాట, వేళ్లకి ఎలా వచ్చిందో మరి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో దిగింది. నా కూతురు నాలుగో తరగతిలో ఉండగా, తెలియక, స్కూలు మ్యాపు కోసం దాన్ని కత్తిరించింది. ఇప్పుడు దొరికే అవకాశం లేదు.

లక్ష్మీకాంత్ వచ్చి తెర చూశాడు. పైనుంచి కిందికి చదివాడు. ఆ గడి దగ్గర కాసేపు ఆగాడు. భవ్య వైపు చూశాడు. "సబ్మిట్ నొక్కు," అన్నాడంతే. నంబరు రాగానే, "ముందది రాసుకో," అని తొందరపెట్టాడు. భవ్య అరచేతిలో రాసుకుంటుండగానే కరెంటు పోయింది. మూడు కంప్యూటర్లూ ఆరిపోయాయి. గుంపంతా ఒక్కసారి ఉసూరుమంది.

"ఏం పర్లేదక్కా," అన్నాడు వెంకటరావమ్మతో. "నంబరుంది, కాపీ నా మెయిల్‌కీ వచ్చుంటుంది. కరెంటు రాగానే ప్రింటు తీసిస్తా."

కరెంటు నాలుగింటికి వచ్చింది.

స్టేషన్లో రైటరు హయాత్‌గారు పెద్దమనిషి. వెంకటరావమ్మని బల్ల మీద కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన కాగితం అందుకుని, "అమ్మా, ఇది నీ పేరున పెట్టిన రిపోర్టు. రాసింది చదివి చెప్తా. నిజమో కాదో చెప్పి సంతకం పెట్టు," అన్నాడు.

ఇది జరుగుతుందని భవ్య అనుకోలేదు. ఇంగ్లీషులో ఉంది గనక కాగితం మీదే ఉండిపోతుందనుకుంది.

హయాత్‌గారు ఒక్కో వరసా తెలుగులో చెప్పుకుంటూ వచ్చాడు. పేరుకి వెంకటరావమ్మ ఊ కొట్టింది. బడికి ఊ కొట్టింది. "ఎలా పోయింది? నా కూతురు నాలుగో తరగతిలో ఉండగా తెలియక స్కూలు మ్యాపు కోసం కత్తిరించింది." ఆయన తల ఎత్తాడు. "నిజమేనామ్మా?"

వెంకటరావమ్మ కూతురి వైపు తిరిగింది. భవ్య తలవంచుకుని అరచేతిలోని నంబరుని బొటనవేలితో రుద్దుతోంది. సిరా చెమటకి అలుక్కుపోయింది.

"ముక్కలన్నా ఉన్నాయా?" అన్నాడు హయాత్‌గారు.

"లేవు సార్," అంది భవ్య. స్టేషన్లో ఆమె మాట్లాడిన మాటలు అవి రెండే.

"నిజమేనండీ," అంది వెంకటరావమ్మ. మళ్లీ, "మా పిల్ల రాసిందంటే నిజమే," అంది. ఇచ్చిన చోట సంతకం పెట్టింది. వెంకటరావమ్మ అని పెట్టి, ముందు ఏ అక్షరం వేయాలో తెలియక ఆగిపోతే, "రెండూ వెయ్యమ్మా," అన్నాడాయన. ముద్ర వేసి, తేదీ వేసి, వెతికినా దొరకలేదని పోలీసులిచ్చే కాగితానికి తర్వాత మళ్లీ రమ్మని చెప్పి పంపించాడు.

బస్సెక్కి కూర్చున్నాక వెంకటరావమ్మ అడిగింది.

"మ్యాపంటే, ఆ పంద్రాగస్టునాటిదేనా?"

"ఊఁ."

"గుంటూరు జిల్లాకి ఎర్ర రంగేశావు. మిరపకాయలని."

భవ్య ఏడ్చింది. వెంకటరావమ్మ ఊరుకోమనలేదు, కోప్పడలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేముందు మాత్రం, "మొన్ననే చెప్పుంటే ఆదివారమే పోయేవాళ్లం. వెతుకులాటలోనే రెండు రోజులు పోయినాయి," అంది. అది తిట్టు కాదు. అందుకే ఆ మాట భవ్యకి జీవితాంతం గుర్తుండిపోయేట్టు గుచ్చుకుంది.

శుక్రవారం తెల్లారకముందే బయల్దేరారు. హెడ్మాస్టరుగారు అన్న మాట ప్రకారం క్షణంలోనే సంతకం పెట్టారు. కానీ ఆ క్షణం కోసం ఆయన మీటింగు నుంచి తిరిగొచ్చేదాకా రెండు గంటలు అరుగు మీద కూర్చోవాల్సి వచ్చింది. తిరుగు దారిలో వాన పట్టుకుంది. వాగు మీద నీళ్లెక్కి బస్సు ఆగింది. ప్రాజెక్టు ఆఫీసుకి చేరేసరికి అయిదు గంటల ఇరవై నిమిషాలు. చెంగు కింద దాచుకున్న కవరు మాత్రం తడవలేదు.

గుమాస్తా కాగితాలన్నీ చూశాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. ఒక్క పొరపాటూ లేదు," అన్నాడు బాధగా. "అయిదింటికే జాబితా మూసి సంతకాలు చేసేశారు. నా చేతుల్లో లేదు. మళ్లీ పిలిచినప్పుడు వేసుకో."

"మళ్లీ పిలిచేసరికి నాకు ముప్పై అయిదు దాటుతాయి బాబూ," అంది వెంకటరావమ్మ. ఎవరి తప్పూ లేనట్టు, ఏదో ఊళ్లో వాన సంగతి చెప్పినట్టు చెప్పింది. కవరు మళ్లీ చెంగు కింద పెట్టుకుంది.

సెప్టెంబర్లో డూప్లికేట్ సర్టిఫికెట్ వచ్చింది. పోట్ల వెంకటరావమ్మ అని ఉంది. ఇంక దానితో పనేమీ లేదు. అయినా వెంకటరావమ్మ దాన్నీ, రిపోర్టు కాపీనీ, భవ్య మార్కుల కాగితాన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఊళ్లో అందరికీ చూపించి, రేకుపెట్టెలో పెట్టింది.

ఉద్యోగం కింది బజారు శ్రీదుర్గకి వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మంచిది. ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చింది.

"అక్కా, మీ భవ్య బొమ్మలు బాగా వేస్తుందంటగా. అంగన్‌వాడీ సెంటర్లో గోడకి పండ్లు, కూరగాయల బొమ్మలు కావాలి. వేసిపెడుతుందేమోనని అడుగుదామని వచ్చా. అట్ట మాత్రం మీరే చూసుకోవాల. మాకు ఇంకా ఏమీ ఇవ్వలేదు."

భవ్య గుమ్మంలోనే బిగుసుకుపోయింది. వద్దనబోయింది.

"వేస్తుందిలే. ఎందుకు వెయ్యదూ?" అంది వెంకటరావమ్మ. లోపలికి వెళ్లింది. రేకుపెట్టె మూత కిర్రుమని లేచిన చప్పుడైంది. కాసేపటికి చేతిలో మందపాటి తెల్లకాగితంతో వచ్చింది. ఎప్పుడో చీరతో పాటు వచ్చిన అట్ట. భవ్యకి ఇవ్వబోయి, ఆగింది. గుమ్మం దగ్గరి వెలుగులోకి జరిగి, దాన్ని ఇటు తిప్పి చూసింది. అటు తిప్పి చూసింది.

ఏమీ రాసి లేదని నమ్మకం కుదిరాక, అప్పుడు చేతికిచ్చింది.